పెదాలు మూసుకునే చోటే అసలు పని: డబ్బింగ్‌లో గొంతు ఎలా అతుకుతుంది

ప్రశ్న: వేరే భాష సినిమాని తెలుగులోకి డబ్ చేసేటప్పుడు పెదాలకి, ఎమోషన్‌కి గొంతు ఎలా కలుపుతారు? డైలాగ్ మార్చేస్తారా, లేక ఆర్టిస్టే ఎలాగోలా అడ్జస్ట్ చేసుకుంటారా? కొన్ని సినిమాల్లో పెదాలు బాగానే కలుస్తాయి, అయినా గొంతు ఆ మనిషిది కాదని తెలిసిపోతుంది. ఎందుకలా?

రెండూ జరుగుతాయి. అయితే ముందు మాట మారుతుంది, ఆ తర్వాతే గొంతు సర్దుకుంటుంది. పెదాలకి పడని మాట రాసిచ్చి, ఎంత పెద్ద ఆర్టిస్టుని మైకు ముందు నిలబెట్టినా అది పడదు. నేను ఇరవై ఏళ్లకి పైగా ఈ పనిలో ఉన్నాను. మొదట్లో గుంపులో గొంతు కలిపేవాణ్ణి, తర్వాత పాత్రలకి చెప్పాను, ఇప్పుడు మాటలు పెదాలకి సరిచేసే పని కూడా చేస్తున్నాను. మీ మూడో ప్రశ్నకి జవాబు చాలావరకు ఊపిరిలో ఉంది. దాని దగ్గరికి వెళ్లే ముందు పెదాల సంగతి చూద్దాం.

చాలామంది ప్రతి అక్షరమూ కలవాలనుకుంటారు. అక్కర్లేదు. క, గ, చ, ట, త, న, ల, ర ఇవన్నీ నోటి లోపల నాలుక చేసే పనులు. తెర మీద చూసేవాడికి అవి పెద్దగా కనిపించవు. 'కాదు' అనే చోట 'రాదు' అంటే కంటికి తేడా తెలీదు. కంటికి బాగా దొరికేవి మూడే. ఒకటి, రెండు పెదాలూ కలిసి మూసుకునే ప, బ, మ. రెండు, కింది పెదవి పై పళ్లకి తగిలే 'వ', ఇంగ్లిష్ 'ఎఫ్' లాంటివి. మూడు, పెదాలు గుండ్రంగా ముందుకొచ్చే ఉ, ఒ. వీటిలో కూడా మొదటిదే ప్రాణం. నటుడి పెదాలు మూసుకుని ఉన్నప్పుడు వెనక 'ఆ' అని వినిపిస్తే పల్లెటూరి నుంచి పట్నం దాకా ఎవరైనా పట్టేస్తారు. నేను దాన్ని 'మూత' అంటాను. స్క్రిప్టు చేతికి రాగానే ఒరిజినల్ మాటల కింద మూతలు పడే చోట్ల గీతలు గీసుకుంటాను. ఆ గీతల దగ్గర మన మాటలో కూడా ప, బ, మ లేదా మాట చివర సున్నా ఉండాలి. మిగతా చోట్ల కొంచెం స్వేచ్ఛ ఉంటుంది.

ఇది కంటికి సంబంధించిన చాదస్తం మాత్రమే కాదు. 1976లో మెగర్క్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు ఒక ప్రయోగం ప్రచురించారు. చెవికి 'బ' వినిపిస్తూ, తెర మీద మనిషి నోరు 'గ' అంటున్నట్టు చూపిస్తే, చాలామందికి 'ద' అని వినిపించింది. అంటే కన్ను చూసినది చెవి విన్నదాన్ని మార్చేస్తోంది. డబ్బింగ్ సినిమాలో కొన్ని డైలాగులు శబ్దం స్పష్టంగానే ఉన్నా 'ఏమన్నాడు?' అని పక్కవాళ్లని అడిగేలా ఉంటాయి కదా. అందులో కొంత పాపం ఈ మూతలదే.

ఇక తెలుగుకి ఉన్న ఇబ్బంది ఒకటుంది. మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. అంటే వాక్యం అయిపోయేసరికి మన నోరు తెరిచి ఉంటుంది. ఇంగ్లిష్ మాటలు చాలావరకు హల్లుతో ముగుస్తాయి. 'హిమ్', 'స్టాప్', 'హోమ్' అన్నాక నటుడు పెదాలు మూసుకుని అలాగే చూస్తూ ఉంటాడు. మన 'చేశాను', 'వెళ్లింది' ఆ మూసిన నోటి మీద పడితే అసహ్యంగా ఉంటుంది. ఇక్కడ మనల్ని ఆదుకునేది సున్నా. 'నిజం', 'పాపం', 'చూద్దాం', 'కొంచెం', 'మాత్రం' లాంటి మాటలు చివర పెదాలు మూసేస్తాయి. డబ్బింగ్ రచయితలు సున్నాతో ముగిసే మాటల్ని డబ్బుల్లా దాచుకుంటారు. తెలుగు డబ్బింగ్ సినిమాల్లో మనుషులు అవసరం లేని చోట కూడా 'పాపం', 'నిజం' అంటుంటే వెనక కారణం చాలాసార్లు ఇదే.

ఒక సీను తీసుకుని చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. కొన్నేళ్ల కిందట ఒక ఇంగ్లిష్ సినిమాలో కొడుకు పాత్రకి చెప్పాను. తల్లి చాలా రోజులుగా జబ్బుతో ఉన్న సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. ఆలస్యంగా ఇంటికొచ్చి మంచం పక్కన కూర్చుంటాడు. నిండా క్లోజప్, గడ్డం నుంచి నుదురు దాకా ముఖమే. మాటలు రెండే: 'యూ షుడ్ హావ్ టోల్డ్ మీ.' కాస్త ఆగి, 'ఐ వుడ్ హావ్ కమ్ హోమ్.'

నా చేతికి వచ్చిన తెలుగు ఇది: 'నువ్వు నాకు చెప్పి ఉండాల్సింది. నేను ఇంటికి వచ్చేవాణ్ణి.' అర్థం సరిగ్గా ఉంది. కానీ ఒక్క ఊపులో పలికే ముక్కని ఒక దెబ్బ అనుకుని నోటితో లెక్కపెట్టండి. ఇంగ్లిష్‌లో మొదటి వాక్యం ఐదు దెబ్బలు, మనది పది. రెండోది అక్కడ ఐదు, ఇక్కడ తొమ్మిది. నటుడు ఒక్కో వాక్యానికి తీసుకున్నది సుమారు ఒకటిన్నర సెకను. ఒకటిన్నర సెకనులో పది దెబ్బలు పలకొచ్చు, నేను పలికాను కూడా. కానీ ఏడుపు ఆపుకుంటున్నవాడు అంత గబగబా మాట్లాడడు. పెదాలకి పట్టించబోతే ఎమోషన్ పోయింది. ఎమోషన్ కోసం నెమ్మదిగా చెబితే అతని నోరు మూసుకున్నాక కూడా నా గొంతు నడుస్తూనే ఉంది. రాసిన మాట తప్పయితే ఆర్టిస్టు ఇలాగే ఇరుక్కుంటాడు.

అప్పుడు మాటల రచయితా నేనూ కూర్చుని గీతలు గీశాం. మొదటి వాక్యంలో గట్టి మూత ఒక్కటే, చివర 'మీ' దగ్గర. అంటే మన వాక్యం కూడా 'మ' ఉన్న దెబ్బతోనే ముగియాలి. తల్లితో మాట్లాడుతున్నాడు కాబట్టి 'అమ్మా' ఎలాగూ సహజం. 'నాతో చెప్పలేదేమ్మా?' అనుకున్నాం. ఏడు దెబ్బలు. ఒకటిన్నర సెకనులో ఏడుపు గొంతుతో సరిపోతాయి. చివర 'మ్మా' సరిగ్గా 'మీ' మీద పడింది. కానీ మధ్యలో 'ప్ప' ఉంది. ఆ సమయానికి నటుడి నోరు తెరిచి ఉంది. చిన్న సీనయితే వదిలేసేవాళ్లం, ఇంత క్లోజప్‌లో వదల్లేం. 'చెప్పలేదేమ్మా' తీసేసి 'అనలేదేమ్మా' పెట్టాం. 'నాతో అనలేదేమ్మా?' ఇందులో 'మ్మా' తప్ప ఇంకెక్కడా పెదాలు మూసుకోవు.

రెండో వాక్యంలో మూతలు రెండు. 'కమ్' చివర ఒకటి, 'హోమ్' చివర ఒకటి. పైగా 'హోమ్' తర్వాత అతను పెదాలు బిగించి ఉమ్మి మింగుతాడు. ఇక్కడ 'వచ్చేవాణ్ణి' ఏ రకంగా తిప్పినా పడదు, దాని చివర నోరు తెరుచుకునే ఉంటుంది. గంటలో సగం దీనికే పోయింది. చివరికి రచయితకి తట్టింది: 'రాలేనా ఆ మాత్రం?' ఆరు దెబ్బలు. 'మా' దగ్గర ఒక మూత, 'త్రం' చివర రెండోది. 'ఇల్లు' అన్న మాట పోయింది. ఫరవాలేదు, అతను ఇంట్లోనే కూర్చున్నాడు, చూసేవాడికి కనిపిస్తూనే ఉంది. 'వచ్చేవాణ్ణి' అనే చెప్పుకోలు కాస్తా 'రాలేనా' అనే నిష్ఠూరంగా మారింది. నాకు అదే నచ్చింది. నిష్ఠూరం తల్లి దగ్గర తెలుగువాడు సహజంగా పడే బాధ. మాటకి మాట అనువాదం చేసి ఉంటే ఇది వచ్చేది కాదు.

రెండు తేడాలు మిగిలాయి. 'మీ' అన్నప్పుడు పెదాలు పక్కలకి సాగుతాయి, 'మ్మా' అన్నప్పుడు నోరు కిందికి తెరుచుకుంటుంది. మూత కలిసింది కాబట్టి కన్ను దీన్ని క్షమిస్తుంది. నేను మాత్రం ఆ 'ఆ'ని పూర్తిగా విప్పకుండా కాస్త ఇరుకుగా పలికాను. అలాగే 'హోమ్'లో పెదాలు గుండ్రంగా ఉంటాయి, 'త్రం'లో ఉండవు. అక్కడ పెదాలు కొద్దిగా ముందుకు పెట్టి చెబితే శబ్దానికి ఆ రంగు వస్తుంది. రాసేటప్పుడు దొరకని ఇలాంటి పిసరంత తేడాలు సర్దడమే ఆర్టిస్టు చేసే అడ్జస్ట్‌మెంట్. అంతకంటే ఎక్కువ సర్దబోతే మాట వంకరపోతుంది.

టైమింగ్ సంగతి. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, అంటే ఒక్కో ఫ్రేము సుమారు 42 మిల్లీసెకన్లు. శబ్దం ముందు రావడాన్ని మనిషి అస్సలు సహించడు, వెనక రావడాన్ని కొంచెం సహిస్తాడు. మెరుపు ముందు, ఉరుము తర్వాత చూసి పుట్టినవాళ్లం కదా. టీవీ ప్రసారాలకి ఐటీయూ అనే అంతర్జాతీయ సంస్థ ఇచ్చిన లెక్కలో శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 మిల్లీసెకన్లు వెనకబడినా చూసేవాడు పసిగడతాడు. మన లెక్కలో దాదాపు ఒక ఫ్రేము ముందు, మూడు ఫ్రేములు వెనక. అందుకే అనుమానం ఉన్నప్పుడు తొందరపడకుండా ఒక్క పిసరు ఆలస్యంగా మొదలుపెట్టడమే మేలు. కొత్తవాళ్లు టెన్షన్‌లో ఎప్పుడూ ముందే అందుకుంటారు.

ఇంజనీరు టేకుని ఒకటి రెండు ఫ్రేములు అటూ ఇటూ జరపగలడు, కాస్త సాగదీయగలడు కూడా. మామూలు మాటల్లో అది ఎవరికీ తెలీదు. ఏడుపులోనో, ఆయాసంలోనో సాగదీస్తే మాత్రం ఊపిరి రబ్బరులా వినిపిస్తుంది. కంప్యూటర్ ఉంది కదా అని సింక్ విషయంలో బద్ధకించిన ఆర్టిస్టు దొరికిపోయేది అక్కడే.

ఇప్పుడు ఊపిరి. స్టూడియోలో ఒక్కో ముక్కని ఇప్పటికీ 'లూప్' అంటాం. ఒకప్పుడు ఫిల్ము ముక్కని కత్తిరించి, రెండు కొసలూ అతికించి, గుండ్రంగా తిప్పుతూ వేసేవాళ్లు, ఆ పేరు అలా నిలిచిపోయింది. లూప్ మొదలయ్యే ముందు చాలాచోట్ల హెడ్‌ఫోన్స్‌లో మూడు బీప్‌లు సమానమైన ఎడంతో వస్తాయి. నాలుగోది మోగదు, అది మోగాల్సిన చోటే మన మాట మొదలవ్వాలి. కొత్తవాడు మూడు బీప్‌లూ విని, అప్పుడు గాలి పీల్చుకుని, మాట అందుకుంటాడు. ఆ గాలి బొమ్మలో ఉన్న మనిషిది కాదు, స్టూడియోలో నిలబడ్డవాడిది. మీరు అడిగిన అతకని గొంతు చాలావరకు ఇక్కడే పుడుతుంది. పెదాలు కలుస్తాయి, ఊపిరి కలవదు.

మాట కంటే ముందు మనిషి గాలి పీలుస్తాడు. అది ముక్కుతోనా, నోటితోనా? ఒక్కసారిగానా, తెగి తెగి వచ్చిందా? భుజాలు లేచాయా, లేక గొంతు దగ్గరే ఆగిపోయిందా? తర్వాత వచ్చే మాట ఎలా ఉండబోతోందో ఆ గాలే నిర్ణయిస్తుంది. అందుకే నేను ప్రతి క్లోజప్‌నీ మూడుసార్లు చూస్తాను. మొదటిసారి బొమ్మ చూడకుండా ఒరిజినల్ గొంతు మాత్రమే వింటాను. రెండోసారి శబ్దం తీసేసి బొమ్మ చూస్తాను, అప్పుడు పెదాల్ని కాదు, మెడనీ ఛాతీనీ చూస్తాను. మూడోసారి రెండూ కలిపి చూస్తూ, మాట లేకుండా ఊపిరి మాత్రం అతనితో పాటు తీసి వదులుతాను. ఆ మూడోదాంట్లో ఊపిరి దొరికితే మాట దానంతటదే ఆ పట్టులో వస్తుంది.

ఆ కొడుకు సీనులో రెండు వాక్యాల మధ్య దాదాపు రెండు సెకన్ల ఖాళీ ఉంది. చూస్తే ఖాళీయే, కానీ అందులో అతను నోటితో గాలి రెండు ముక్కలుగా పీలుస్తాడు. రెండో ముక్క గొంతులో చిక్కుకుంటుంది. ఆ చిక్కిన గాలి మీదే 'ఐ వుడ్' మొదలవుతుంది. నేను మొదటి నాలుగు టేకుల్లో ఆ ఖాళీలో నిశ్శబ్దంగా ఉండి, తర్వాత 'రాలేనా' అని ఏడుపు తెచ్చుకుని అన్నాను. ఏడుపు బాగానే వచ్చింది, కానీ ఎక్కణ్ణించి ఊడిపడిందో తెలీదు. ఐదో టేకులో వాక్యాల్ని విడగొట్టకుండా మొత్తం ఒకే పోతగా, ఆ తెగిన ఊపిరితో సహా చెప్పాను. 'రాలేనా'లో 'రా' సగం గాలిగా వచ్చింది. అప్పుడు అతికింది.

ఇక్కడ ఒక మాట. ఒరిజినల్ నటుడి రాగాన్ని కాపీ కొట్టకూడదు. ఏ మాట మీద గొంతు లేస్తుంది, ఎక్కడ దిగుతుంది అనేది ఒక్కో భాషది ఒక్కో తీరు. ఇంగ్లిష్ తీరులో తెలుగు మాట్లాడితే పెదాలెంత కలిసినా పరాయిగా వినిపిస్తుంది. తీసుకోవాల్సింది బలం, ఊపిరి, ఎక్కడ విరిగింది అనేవి. నటుడు 'టోల్డ్' అన్నప్పుడు చిన్నగా తల ఊపుతాడు. ఆ ఊపు మీద మనకి బరువైన మాట పడాలి, బరువు లేని మాట పడితే తలకీ గొంతుకీ సంబంధం తెగిపోతుంది. 'టోల్డ్' చివరి నుంచి రెండో దెబ్బ. మన వాక్యంలో ఆ చోటికి 'లేదే' వచ్చింది, నిష్ఠూరమంతా ఉన్న మాట అదే. అదృష్టం అనండి. తెలుగులో క్రియ చివరికి పోతుంది కాబట్టి చాలాసార్లు ఇలా కుదరదు, అప్పుడు వాక్యాన్ని తిరగేసి రాసుకోవాలి. 'ఆ మాత్రం రాలేనా' అనకుండా 'రాలేనా ఆ మాత్రం' అన్నది అందుకే.

గొంతు ఎంత దూరానికి వెళ్తోంది అనేది ఇంకో పెద్ద విషయం. ఇందులో నేనే ఒకసారి బోల్తా పడ్డాను. వానలో ఇద్దరు ఒకే గొడుగు కింద మాట్లాడుకునే సీను అది. నా హెడ్‌ఫోన్స్‌లో ఒరిజినల్ ట్రాక్‌లోని వాన హోరు గట్టిగా వస్తోంది. నాకు తెలీకుండానే ఆ హోరుని దాటేలా గొంతు పెంచి చెప్పేశాను. ఫైనల్ మిక్స్‌లో వాన తగ్గించారు. తెర మీద చూస్తే హీరో జానెడు దూరంలో ఉన్న అమ్మాయి చెవిలో అరుస్తున్నాడు. సింక్‌లో ఒక్క ఫ్రేము తేడా లేదు, అయినా ఆ సీను పోయింది. ఇంజనీరు వాల్యూమ్ తగ్గించాడు గానీ, గట్టిగా అన్న మాటని తగ్గిస్తే అది దూరం నుంచి అరిచినట్టు ఉంటుంది తప్ప దగ్గర్నుంచి అన్నట్టు ఉండదు. మళ్లీ పిలిచి చెప్పించారు. అప్పటి నుంచి ఇలాంటి సీన్లకి హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకుంటాను, రెండో చెవికి నా సొంత గొంతు వినిపించాలి. మైకు దూరం కూడా అంతే. గుసగుసకి దగ్గరికి వెళ్తాను. అరుపుకి రెండడుగులు వెనక్కి వచ్చి మొహం కాస్త పక్కకి తిప్పుతాను. అరుపుని మాత్రం నిజంగానే అరవాలి. నెమ్మదిగా అన్నదాన్ని తర్వాత పెంచితే మెడ నరాలు ఉబ్బిన ముఖానికి అది అతకదు.

మీరు ఇంట్లో కూర్చుని పరీక్షించాలంటే ఒక తేలిక పద్ధతి ఉంది. డబ్ చేసిన క్లోజప్ ఒకటి పెట్టి, తెర మీద నటుడి నోటికి కాగితం అడ్డం పెట్టి చూడండి. కళ్లు మాత్రమే కనిపిస్తున్నప్పుడు గొంతు అతనిదే అనిపిస్తే ఎమోషన్ కుదిరినట్టు. తర్వాత కాగితం కళ్లకి అడ్డం పెట్టి నోరు చూడండి. అక్కడ తేడా వస్తే తప్పు మాటలదో టైమింగ్‌దో అయ్యుంటుంది. నేను చూసినంతలో మొదటి పరీక్షలో తప్పే డబ్బింగులే ఎక్కువ. రెండిట్లో ఒకటే దక్కించుకునే పరిస్థితి వస్తే నేను ఊపిరి దక్కించుకుని, మధ్యలో ఒక మూత వదిలేస్తాను. చివరి మూత మాత్రం వదలను. మాట అయిపోయాక చూసేవాడి కన్ను ఆ ముఖం మీదే ఆగి ఉంటుంది.

ఆ రెండు వాక్యాలకి ఆ రోజు గంటంబావు పట్టింది. దాని తర్వాత లూపులన్నీ సజెషన్ షాట్లే, అతని వీపు తప్ప ముఖం కనిపించదు. అరగంటలో ముగించి బయటికొచ్చేశాం.